బ్యాగు బరువుకు పోయింది ముప్పావు గంటే, మిగతా ఆలస్యం ప్లాన్‌దే

ప్రశ్న: నా బరువు 70 కిలోలు. చిన్న బ్యాగుతో మట్టిదారిలో గంటకు నాలుగున్నర కిలోమీటర్లు హాయిగా నడుస్తాను. ఆ లెక్కనే ముగ్గురం కలిసి 84 కిలోమీటర్ల కొండదారిని ఆరు రోజులకు, రోజుకు 14 చొప్పున పంచుకున్నాం. మొత్తం ఎక్కుడు 3,200 మీటర్లు. ఒక్కొక్కరి బ్యాగు 18 కిలోలు. మొదటి రోజే 900 మీటర్లు ఎక్కాలి, చివర్లో 300 మీటర్ల నిటారు దిగుడు. ఉదయం పదిన్నరకు బయల్దేరాం. భోజనానికి గంట పోయినా రెండున్నరకల్లా చేరతామనుకుంటే, చేరేసరికి రాత్రి ఏడయింది. 9వ కిలోమీటరు దగ్గర, 500 మీటర్లు ఎక్కాక, వాగు పక్కన టెంట్ వేసుకునే చోటు కనిపించినా ఆగలేదు. మూడో రోజు తొడలు, మోకాళ్లు పట్టేసి వెనక్కి వచ్చేశాం. మాలో ఒకరు 55 కిలోలు, ఇంకొకరు 75. మళ్లీ అదే దారికి వెళ్లాలనుంది. బరువుకు వేగం ఎంత తగ్గుతుందని లెక్క వేసుకోవాలి? రోజువారీ ప్లాన్ ఎలా మార్చాలి?

సమాధానం: మీరు అంకెలన్నీ రాసి పంపడం చాలా మంచిదైంది. వాటిని పెట్టుకుని ముందు ఆ నాలుగున్నర గంటల ఆలస్యాన్ని ముక్కలు చేసి చూద్దాం. అందులో బ్యాగు బరువు వాటా మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు. అది తెలిస్తే ప్లాన్‌లో ఏది మార్చాలో దానంతట అదే తేలుతుంది.

కొండదారికి టైమ్ లెక్క కట్టడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటికీ ట్రెకింగ్ చేసేవాళ్లు దాన్నే మొదట పట్టుకుంటారు. దూరానికి ఒక టైమ్ వేసుకోవాలి, ఎక్కే ఎత్తుకు ఇంకో టైమ్ విడిగా వేసి దానికి కలపాలి. ఎత్తుకు ఆయన వేసింది మన కొలతల్లో చెప్పాలంటే 600 మీటర్లకు గంట, అంటే 100 మీటర్లకు 10 నిమిషాలు. మీ ప్లాన్‌లో ఈ రెండో టైమే లేదు. 14 కిలోమీటర్లను నాలుగున్నరతో భాగించి మూడు గంటల ఏడు నిమిషాలు వేశారు, భోజనానికి గంట కలిపారు, అంతే. 900 మీటర్ల ఎక్కుడుకు పట్టే గంటన్నర లెక్కలోకే రాలేదు. బ్యాగు లేకుండా వెళ్లినా ఆ గంటన్నర ఆలస్యం అయ్యేదే.

ఇప్పుడు బరువు సంగతి. చదునుగా ఉన్న దారికి, ఎక్కే దారికి బరువు ఒకేలా పనిచేయదు. చదును దారిలో వేగం కొంచెం తగ్గిస్తే శరీరానికి పడే శ్రమ చాలా తగ్గుతుంది. అందుకే కొద్దిగా నెమ్మదిస్తే చాలు, అదనపు బరువు సర్దుకుపోతుంది. ఎక్కేటప్పుడు ఈ వెసులుబాటు ఉండదు. ప్రతి కిలోనూ అక్షరాలా పైకి ఎత్తాలి. అందుకని ఎక్కుడులో ఒక మంచి అడ్డలెక్క ఉంది: మనిషి బరువు, బ్యాగు బరువు కలిపిన మొత్తం ఎన్ని రెట్లు పెరిగితే, టైమ్ కూడా దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది.

మీ విషయానికి వస్తే, చిన్న బ్యాగు అంటే 5 కిలోలు అనుకుందాం. అప్పుడు మీ కాళ్లు మోసింది 75 కిలోలు. 18 కిలోల బ్యాగుతో అది 88. 88ని 75తో భాగిస్తే 1.17. అంటే 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు పట్టేది 12 అవుతుంది. చదును మీద తగ్గుదల ఇంతకన్నా తక్కువ, సుమారు పదో వంతు. బరువు మోస్తూ నడిచేవాళ్లకు ఎంత శక్తి ఖర్చవుతుందో అంచనా వేయడానికి అమెరికా సైనిక పరిశోధకులు 1977లో ఒక సమీకరణం ప్రకటించారు. మీ అంకెలు దాంట్లో వేసి చూసినా, అంతే శ్రమతో నడిస్తే గంటకు నాలుగున్నర కిలోమీటర్లు నాలుగుకు వస్తుంది. కాబట్టి 18 కిలోలతో మీ అంకెలు రెండే: చదును మీద గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కుడులో ప్రతి 100 మీటర్లకు అదనంగా 12 నిమిషాలు.

ఈ రెండింటితో మీ మొదటి రోజును మళ్లీ లెక్క వేస్తే 14 కిలోమీటర్లకు మూడున్నర గంటలు, 900 మీటర్లకు గంటా 48 నిమిషాలు, మొత్తం 5 గంటల 18 నిమిషాలు. అదే రోజు చిన్న బ్యాగుతో అయితే 4 గంటల 37 నిమిషాలు. తేడా 41 నిమిషాలు. నడకలో బరువు వల్ల నేరుగా పోయింది ఇదే.

దీనికి దిగుడు ఒకటి కలపాలి. దిగేటప్పుడు టైమ్ మిగులుతుందని అందరూ అనుకుంటారు. వాలు మెల్లగా ఉంటే నిజమే. నిటారుగా దిగే చోట మాత్రం బరువుతో ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే వేయాలి. నైస్మిత్ సూత్రాన్ని తర్వాత సవరించిన ఎరిక్ లాంగ్‌మ్యూర్, నిటారు దిగుడు 300 మీటర్లు ఉంటే 10 నిమిషాలు కలపమన్నాడు. 18 కిలోల బ్యాగుతో నేనైతే పావుగంట కలుపుతాను. గంటకోసారి పది నిమిషాల చొప్పున ఆగితే విశ్రాంతికి ఇంకో 50 నిమిషాలు. భోజనం గంట. అన్నీ కలిపితే ఏడు గంటల 23 నిమిషాలు. పదిన్నరకు బయల్దేరినవాళ్లు ఆరుకు కాస్త ముందు చేరాలి. మీరు ఏడుకు చేరారు. ఇంకో గంటా ఏడు నిమిషాలు మిగిలాయి. వీటికి మ్యాపులో కారణం దొరకదు.

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మూడో రోజు మీరు వెనక్కి రావడానికి బీజం ఇక్కడే పడింది.

బరువైన బ్యాగుతో మొదటి గంటలో మనిషి అలవాటైన వేగంతోనే వెళ్తాడు. ఊపిరి ఎగబీలుస్తున్నా ఉత్సాహంలో పట్టించుకోడు. రెండో గంటకు ఆగడం మొదలవుతుంది. పది నిమిషాలని కూర్చుంటే ఇరవై అవుతుంది. చెమట ఆరి, ఒళ్లు చల్లబడి, లేచేసరికి కాళ్లు బిగుసుకుని ఉంటాయి. మళ్లీ వేగం అందుకోవడానికి ఇంకో పావుగంట. నాలుగో గంటకు అడుగు ఎత్తి వేయడం తగ్గి, బూటు ముందుభాగం రాళ్లకు తగులుతూ ఉంటుంది. ఆ సమయంలో మీ మిత్రులను వెనక నుంచి చూస్తే ఇంకో గుర్తు కనిపిస్తుంది. బొటనవేళ్లు భుజం పట్టీల కిందికి దూర్చి, పట్టీలను ముందుకు లాగి పట్టుకుని నడుస్తుంటారు. అంటే హిప్ బెల్ట్ జారిపోయి బరువంతా భుజాల మీద పడిందన్నమాట. బెల్ట్ మధ్యభాగం తుంటి ఎముకల పైఅంచు మీద కూర్చోవాలి. పొట్ట మీదికి వెళ్లినా, కిందికి దిగినా దాని పని అది చేయదు. బయల్దేరిన పావుగంట, ఇరవై నిమిషాలకు బ్యాగులో సామాను కిందికి సర్దుకుని, బెల్ట్ కొంత వదులవుతుంది. అప్పుడు రెండు నిమిషాలు ఆగి, భుజం పట్టీలు పూర్తిగా వదులు చేసి, బెల్ట్‌ను ఎముక మీద కూర్చోబెట్టి బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. ఈ వరసలోనే చేయాలి. భుజాలు ముందు బిగిస్తే బెల్ట్ ఎప్పటికీ సరిగా కూర్చోదు.

ఎక్కేటప్పుడు సరైన వేగం ఏదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలగాలి. రెండు మాటలకే తెగిపోతుంటే వేగం ఎక్కువైందని అర్థం. అప్పుడు ఆగకండి, అడుగు చిన్నది చేయండి. ఇంకా నిటారైతే వెనక కాలు నిటారుగా చాపి, ఒక్క క్షణం బరువంతా దాని మీద ఉంచి, అప్పుడు ముందు కాలు వేయండి. మోకాలు చాచి ఉన్న ఆ క్షణంలో బరువును కండరం కన్నా ఎముకే ఎక్కువ మోస్తుంది, తొడకు చిన్న విరామం దొరుకుతుంది. ఇలా నడిచేవాళ్లు చూడటానికి చాలా నెమ్మదిగా కనిపిస్తారు. కానీ గంట తర్వాత, వేగంగా వెళ్లి చెట్టు కింద కూలబడ్డవాళ్లను దాటుకుని పోతారు.

ఇక మూడో రోజు సంగతి. తొడ కండరాలు పట్టేయడానికి అసలు కారణం ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో ఆ పని వల్ల సన్నటి గాయాల్లాంటివి అవుతాయి. వాటి నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మొదటి రోజు సాయంత్రం, అలసిపోయిన కాళ్లతో, చీకట్లో, 18 కిలోలతో 300 మీటర్లు నిటారుగా దిగారు. దాని బిల్లు మూడో రోజు వచ్చింది. మూడో రోజు దారి కష్టమై కాదు మీరు ఆగిపోయింది.

కాబట్టి ప్లాన్‌లో మార్చాల్సింది మొత్తం దూరం కాదు. నడిచే గంటలు లెక్క వేయండి: 84 కిలోమీటర్లకు 21 గంటలు, 3,200 మీటర్లకు దాదాపు ఆరున్నర గంటలు, కలిపి ఇరవై ఏడున్నర. ఆరు రోజులకు పంచితే రోజుకు నాలుగున్నర గంటల పైచిలుకు నడక. ఇది ముగ్గురికీ సాధ్యమే. తప్పు జరిగింది కిలోమీటర్లను సమానంగా పంచడంలో. అన్నిటికన్నా బరువైన బ్యాగు, అలవాటు పడని భుజాలు, ఆలస్యంగా బయల్దేరడం, ఐదు గంటలకు మించిన నడక, నిటారు దిగుడు అన్నీ ఒకే రోజు మీద పడ్డాయి. ఇకపై కిలోమీటర్లు పక్కనపెట్టి గంటలు పంచండి. మొదటి రెండు రోజులు విశ్రాంతి కాకుండా నాలుగు గంటల నడక దాటకూడదు. మూడో రోజు నుంచి ఐదు గంటల దాకా వెళ్లవచ్చు.

రోజులు గడిచేకొద్దీ బ్యాగు తేలికవుతుంది కదా, చివర్లో ఎక్కువ దూరం పెట్టుకుందాం అని చాలామంది అంటారు. తేలికవడం నిజమే కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఎండు తిండి మనిషికి రోజుకు ముప్పావు కిలో అనుకుంటే, ఆరో రోజు ఉదయానికి మీ బ్యాగు 18 నుంచి 14 కిలోల పైచిలుకుకు వస్తుంది. మీతో కలిపి 88 కాస్తా 84 అవుతుంది. ఎక్కుడులో కలిసొచ్చేది నాలుగైదు శాతమే, అంటే గంటకు రెండు మూడు నిమిషాలు. చివరి రోజుల్లో ఎక్కువ నడవగలగడానికి అసలు కారణం వేరే ఉంది: మొదటి రెండు రోజులు కాళ్లను పాడు చేసుకోకపోవడం.

ఈ లెక్కనే తిరగేసి చూస్తే ఇంకో మంచి సంగతి తెలుస్తుంది. ఏడో రోజు కలుపుకుందామంటే, ఇంకో రోజు తిండి మోయాలే అని టెన్షన్ పడతారు. ఆ ముప్పావు కిలో మీ 88 కిలోల్లో ఒక్క శాతం కూడా కాదు. ఐదు గంటల నడకలో దాని ఖరీదు మూడు నిమిషాలు. మూడు నిమిషాలకు ఒక పూర్తి రోజు దొరుకుతుంటే తీసుకోకపోవడానికి నాకు కారణం కనపడదు. ఏడు రోజులకు ప్లాన్ చేయండి.

మొదటి రోజు ఎనిమిదింటికి బయల్దేరి, మీరు వదిలేసి వెళ్లిన ఆ వాగు దగ్గరే ఆగండి. 9 కిలోమీటర్లకు రెండుంపావు గంటలు, 500 మీటర్లకు గంట, మూడు విరామాలకు అరగంట. పావు తక్కువ పన్నెండుకు చేరతారు. మధ్యాహ్నమంతా ఖాళీగా ఉంటుందని మనసు ఒప్పుకోదు, ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. ఆ ఐదింటిలో ఇంకో 400 మీటర్ల ఎక్కుడు, ఆపైన ఆ దిగుడు ఉన్నాయి. అలసిపోయిన కాళ్లతో దిగకూడదనే కదా ఇక్కడ ఆగుతున్నది. ఆ మధ్యాహ్నం పాదాలు ఆరబెట్టుకుని, ఎర్రబడ్డ చోట పొక్కు రాకముందే టేప్ వేసుకోండి. భుజాలు ఎక్కడ నొక్కుకుపోయాయో చూసి బ్యాగు మళ్లీ సర్దండి.

రెండో రోజు పొద్దున్నే, తాజాగా ఉన్న కాళ్లతో ఆ 5 కిలోమీటర్లూ నడవండి. గంటా పావు, ఎక్కుడుకు 48 నిమిషాలు, దిగుడుకు పావుగంట, మొత్తం రెండు గంటల 18 నిమిషాలు. పోయినసారి చీకట్లో చేరిన చోటికి పదిన్నర, పదకొండుకల్లా చేరతారు. అక్కడి నుంచి నాలుగు గంటల పరిమితిలోపు, నీళ్లు దొరికే తర్వాతి చోటు మ్యాపులో ఎక్కడుందో చూడండి. ఐదారు కిలోమీటర్లలో ఉంటే అక్కడ ఆగండి. ఆరు కిలోమీటర్లు అనుకుంటే, మిగిలేది 64 కిలోమీటర్లు, ఐదు రోజులు. రోజుకు సగటున 13 కిలోమీటర్లు, 400 మీటర్ల చిల్లర ఎక్కుడు, నాలుగు గంటల నడక. నీటి చోట్లను బట్టి ఒక రోజు 11, ఒక రోజు 15 అయినా ఫర్వాలేదు. అంతా బాగుంటే ఆ 64ను నాలుగు రోజుల్లోనే, రోజుకు ఐదు గంటల నడకతో ముగించే వీలు కూడా ఉంది. కాబట్టి ఏడో రోజు మీ చేతిలో ఉన్న నిల్వ. వాన పడినా, ఎవరికైనా కాలు బెణికినా ఖర్చు పెట్టుకోవచ్చు.

ఇప్పటిదాకా లెక్కంతా మీ కాళ్లతో వేశాను. కానీ జట్టు నడిచేది అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే. మీ ముగ్గురిలో 18 కిలోలు ఒక్కొక్కరికి ఒక్కోలా బరువు. బ్యాగు శరీర బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా చెప్తారు. మీకు అది నాలుగో వంతు అయింది. 55 కిలోల మీ మిత్రుడికి మూడో వంతు. ఆయనకు ఇదే లెక్క వేస్తే 60 కిలోలు 73 అయ్యాయి, అంటే 1.22 రెట్లు. పైగా ఈ అడ్డలెక్క బరువు మూడో వంతుకు చేరినప్పుడు కొంచెం తక్కువే చూపిస్తుంది. నడుము ముందుకు వంగి, నడక తీరే మారిపోతుంది కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువ ఉంటుంది. సమానంగా మోయడం న్యాయంగా అనిపిస్తుంది కానీ జట్టుకు మేలు చేయదు.

ఆయన బ్యాగులోంచి 3 కిలోలు తీసి మీరిద్దరూ చెరి ఒకటిన్నర పంచుకోండి. అప్పుడు ఆయన 15, మీరిద్దరూ పందొమ్మిదిన్నర మోస్తారు. ముగ్గురికీ ఆ నిష్పత్తి 1.17 నుంచి 1.19 లోపు వస్తుంది. ముగ్గురూ 100 మీటర్లకు ఆ 12 నిమిషాల దగ్గరే ఉంటారు, ఒకరి కోసం ఒకరు ఆగే పని తగ్గుతుంది. ఇచ్చేది టెంట్, స్టవ్ లాంటి ఉమ్మడి సామాను అయితే మాట పట్టింపు కూడా ఉండదు. ఎక్కుడులో ఆయన్ను ముందు నడవనివ్వండి. వెనకబడ్డవారు జట్టును అందుకోగానే మిగతావాళ్లు లేచి బయల్దేరడం తరచూ జరుగుతుంది, అప్పుడు అందరికన్నా అలసిపోయిన మనిషికి విశ్రాంతే దొరకదు. మీ జట్టులో అలా జరిగిందో లేదో మీకే తెలుసు.

బరువు తగ్గించడం గురించి ఒక్క నీళ్ల మాటే చెప్తాను. లీటరు అంటే కిలో. వాగులు తరచూ తగిలే దారిలో మూడు లీటర్లు నింపుకుని ఎక్కడం అనవసరం. చల్లటి వాతావరణంలో గంటకు అర లీటరు చొప్పున, తర్వాతి నీటి చోటు దాకా ఎంత కావాలో అంత, పైన అర లీటరు చేతిలో ఉంచుకుంటే చాలు. ఎండ ఎక్కువైతే అంతకు మించి కావాలి. మ్యాపులో చూపించిన వాగు ఆ నెలలో పారుతుందో లేదో తెలియకపోతే మాత్రం ఈ పొదుపు చేయకండి.

దారిలో ఉన్నప్పుడు ప్లాన్ తప్పుతోందని ఎలా తెలుస్తుంది? రోజు దారిని సగం దగ్గర, గుర్తుపట్టడానికి వీలైన ఒక చోట విరిచి, అక్కడికి ఎన్నింటికి చేరాలో ముందే రాసుకోండి. లెక్కలో రెండు గంటలు అనుకున్నది రెండు గంటల 25 నిమిషాల లోపు అయితే కొనసాగండి. అంతకు మించితే, మిగిలిన దారికి కూడా అదే నిష్పత్తిలో టైమ్ పెంచి చూడండి. ఆ వచ్చిన టైమ్ సూర్యాస్తమయానికి రెండు గంటల ముందుకు రాకపోతే, దగ్గరున్న చోటే ఆగిపోండి. అలా ఆగాలంటే, ప్రతి రోజు దారిలోనూ మధ్యలో ఆగగలిగే చోటు ఒకటైనా మ్యాపులో ముందే గుర్తుపెట్టుకుని ఉండాలి. సాయంత్రం వేగం పెంచి ఆలస్యాన్ని పూడ్చుకుందామనుకోవద్దు. బరువుతో నాలుగు గంటలు నడిచాక వేగం తగ్గడమే తప్ప పెరగదు. నాలుగో గంట దాటాక నడిచే ప్రతి గంటకూ నేను పావుగంట కలిపే లెక్క వేస్తాను.

ఈ అంకెలు మామూలు మట్టిదారికే. బండరాళ్లు, మంచు, పొదలు, వాగులు దాటడం ఉంటే ఇవి పనికిరావు. మెత్తటి ఇసుకలో అదే వేగానికి చదును రోడ్డు కన్నా చాలా ఎక్కువ శ్రమ పడుతుందని ఇందాక చెప్పిన సైనిక సమీకరణమే లెక్క కడుతుంది. దారి 3,000 మీటర్ల ఎత్తు దాటితే కాళ్ల కన్నా ముందు ఊపిరి అడ్డం పడుతుంది. అక్కడ పడుకునే ఎత్తు రాత్రికి రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పైకి వెళ్లకుండా ఆగాలి. మీ గంటల లెక్క ఇంకా వెళ్లమన్నా సరే.

మోకాళ్ల గురించి కూడా ఒక మాట. రెండు తొడలూ సమానంగా బరువుగా, నొక్కితే నొప్పిగా ఉంటే అది కండరాల నొప్పి, నెమ్మదిగా నడిస్తే సర్దుకుంటుంది. ఒకే మోకాలిలో, ఒకే చోట, దిగే ప్రతి అడుగుకూ చురుక్కుమంటుంటే, వాచితే, పట్టేసినట్టు మడత పడకపోతే అది వేరు. అప్పుడు ఆ బ్యాగులోని బరువు మిగతా ఇద్దరూ పంచుకుని, దగ్గరి దారిన కిందికి దిగి డాక్టర్‌కు చూపించాలి. పోయినసారి మీ ముగ్గురిలో ఎవరికైనా ఇలాంటి నొప్పి వచ్చి ఉంటే, మళ్లీ బయల్దేరే ముందే చూపించండి. నిటారు దిగుళ్లలో రెండు ట్రెకింగ్ పోల్స్ వాడితే మోకాలి మీద పడే భారం కొంత చేతుల మీదికి వెళ్తుంది. ఈసారి ముగ్గురూ తీసుకెళ్లండి.

బయల్దేరడానికి మూడు వారాల ముందు ఒక పని చేయండి. నేను వేసిన 4 కిలోమీటర్లు, 12 నిమిషాలు సగటు మనిషికి సరిపోయే అంచనాలే. మీవి మీరు కొలుచుకోవాలి. బ్యాగులో సామానుకు బదులు నీళ్ల సీసాలు పెట్టి 18 కిలోలు చేయండి. ముందు ఒక గంట చదును దారిలో నడిచి, ఎంత దూరం వచ్చారో రాసుకోండి. అలసట మొదలయ్యాక వచ్చే అంకె కావాలి కాబట్టి ఆ వెంటనే ఎక్కుడు మొదలుపెట్టండి. 3 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కారనుకుందాం, 83 నిమిషాలు పట్టింది. చదును వేగం గంటకు 4 అయితే 3 కిలోమీటర్లకు 45 నిమిషాలు. మిగిలిన 38 నిమిషాలు 300 మీటర్ల ఎక్కుడువి, అంటే 100 మీటర్లకు దాదాపు 13. పైకి చేరాక, తాగడానికి కావాల్సినవి ఉంచుకుని, సీసాల్లో నీళ్లు పారబోసి ఖాళీ బ్యాగుతో దిగండి, కాళ్లు పాడవవు. వారం తర్వాత చేసే రెండో నడకలో మాత్రం సగం బరువు ఉంచుకుని దిగండి. ఆ దిగుడుకు వచ్చే నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. ట్రెక్ లోపు ఆ కండరం కొంత గట్టిపడుతుంది, అదే దిగుడు మళ్లీ వస్తే అంతగా పట్టేయదు.

ఈ కొలత 55 కిలోల మిత్రుడితో, ఆయన మోయబోయే 15 కిలోలతో కూడా చేయించండి. ముగ్గురిలో ఎవరి అంకె పెద్దదో దానితోనే ప్లాన్ అంతా మళ్లీ వేయండి. అది 12 కాక 15 వచ్చిందనుకోండి. వాగు దాకా పట్టే టైమ్ పావుగంటే పెరుగుతుంది కాబట్టి మొదటి రోజు అలాగే ఉంటుంది. రెండో రోజు చివరన పెట్టిన ఆ ఐదారు కిలోమీటర్లు మాత్రం నాలుగు గంటల్లో పట్టకపోవచ్చు. అప్పుడు పాత క్యాంప్ దగ్గరే ఆగి, మిగిలిన 70 కిలోమీటర్లను ఐదు రోజులకు పంచుకోండి. ఎనిమిదో రోజుకు తిండి, సెలవు ఉంటే ఆరు రోజులకు పంచుకోవడం ఇంకా మంచిది.